మేకులు దాటిన పిండి

మా మరదలు దేవి గురించి చెప్పమంటే నేను ముందు ఆమె ముక్కు గురించి చెబుతాను. చూడ్డానికి పెద్ద ముక్కేం కాదు. ఎడమ పక్కన ఎర్రరాయి ముక్కుపుడక, దాని చుట్టూ ఎప్పుడూ నాలుగు చెమట చుక్కలు. కానీ ఆ ముక్కు దగ్గర ఏదీ దాగదు. విజయనగరంలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "వదినా, నీ వంటింట్లో ఎక్కడో బంగాళాదుంప కుళ్ళినాది, సూడు" అంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. బుట్ట కుమ్మరిస్తే అడుగున కుళ్ళిన దుంప దొరుకుతుంది. అప్పుడు ఇంకా మండుతుంది.

దేవి పుట్టింది కళింగపట్నంలో. వాళ్ళ నాన్న గంగరాజు సముద్రం మీద చేపల వేటకెళ్ళేవాడు. అమ్మ మరిడమ్మ ఒడ్డున చేపలు ఎండబెట్టి, గంపకెత్తుకుని ఊళ్ళమ్మట అమ్మేది. ఎండు చేపల పని అంటే ఇసకలో పరిచేసి నీడన కూర్చోవడం కాదు. ఎండలో పదే పదే తిరగెయ్యాలి. ఒక పక్కే ఎండి రెండో పక్క చెమ్మగా ఉండిపోతే పురుగు పట్టేస్తుంది. అందుకని మరిడమ్మ అమ్మకానికి పోతూ కూతురికి ఒకే మాట అప్పజెప్పేదట: "ఒసే, నెత్తళ్ళు సూసుకో." నెత్తళ్ళంటే వేలెడంత సన్న చేపలు. వాళ్ళింట్లో సూసుకో అంటే తిరగెయ్యమని. వేరే చెప్పక్కర్లేదు. దేవికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ పనే. పెళ్ళైన కొత్తలో నిద్రలో కూడా చెయ్యి అటూ ఇటూ తిరగేసేదని మా తమ్ముడు నవ్వుతూ చెప్పేవాడు.

తమ్ముడంటే మోహనకృష్ణ. కళింగపట్నం నుంచి ఎండు చేపలు తెచ్చి సంతలకు వేసే వ్యాను నడిపేవాడు. గంపలు ఎక్కించుకోవడానికి వెళ్ళి వెళ్ళి, చివరికి గంపల వెనకున్న పిల్లని కూడా ఎక్కించుకొచ్చాడు. మాది శృంగవరపుకోట. వరి, రాగులు పండించుకునే ఇల్లు. మా అమ్మ నారాయణమ్మ వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత పిల్లని లోపలికి రమ్మంది. కానీ వంటింట్లోకి రమ్మనడం వేరు, పిండి దగ్గరికి రానివ్వడం వేరు.

పిండి అంటే మా అమ్మ హోటల్లో ఇడ్లీ పిండి. హోటలంటే పెద్ద మాటలెండి. కోట బస్టాండు పక్క సందులో రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక గ్రైండరు. నాన్న పోయాక మా ఇద్దర్నీ అమ్మ ఆ షెడ్డులోనే పెంచింది. ఆ ఇడ్లీ మీద ఆమెకున్న గర్వం పొలం మీద కూడా లేదు. దేవి చట్నీ నూరొచ్చు, ప్లేట్లు కడగొచ్చు, బల్ల తుడవొచ్చు. మినప్పప్పు రుబ్బడం, కడిగి పిండిన ఇడ్లీ రవ్వ కలపడం, ఉప్పేసి చేత్తో గిలక్కొట్టి మూత పెట్టడం, తెల్లారి మూత తీసి చూడ్డం మాత్రం అమ్మే. దేవి అటు తొంగి చూసినా, "ఈ పని నీకు రాదు, ఎల్లు" అనేది.

ఉచిత సిమ్ములు వచ్చి ఊరందరి చేతిలోకీ టచ్ ఫోన్లు దిగిన ఏడాది, మార్గశిరంలో, అమ్మ గ్రైండరు కడిగిన నీళ్ళలోనే కాలు జారి పడింది. తొడ ఎముక విరిగింది. విజయనగరంలో ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. కాలు కింద పెట్టొద్దన్నారు. ఇక మా ఇంట్లోనే మంచం. మా అమ్మని మంచం మీద పడుకోబెట్టి ఉంచడం ఎలాంటిదో నన్నడగండి. ఫ్యాను తిరిగితే చలి, తిరక్కపోతే దోమలు, నేను కాఫీ పెడితే కషాయం.

అసలు బాధ కాలు కాదు. షెడ్డు మూతపడింది. అది మా చిన్నాన్న జగన్నాధానికీ నాన్నకీ ఉమ్మడి జాగా. చిన్నాన్న చెడ్డవాడు కాదు, కానీ ఖాళీగా ఉన్నదేదీ చూడలేడు. అమ్మ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఆయన వచ్చి, ఆపిల్ పళ్ళు బల్ల మీద పెట్టి, "వదినా, ఇంకేటి సేస్తావు ఈ వయసులో. తాళం నాకిచ్చీ. సెల్ ఫోన్ల కొట్టు పెట్టుకుంతాను, నీకూ ఆసరాగా ఉంతాది" అన్నాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రం దేవి ఫోన్ చేసింది. "అత్తా, నాను తెరుత్తాను హోటలు."

"నువ్వా?" అంది అమ్మ.

"నువ్వు సెప్పు, నాను సేత్తాను. తెల్లారగట్ల మూత తీసి ఫొటో పంపుతాను. నువ్వు సూసి ఎయ్యమంటే ఎత్తాను, ఆగమంటే ఆగుతాను."

అమ్మ చాలాసేపు ఆలోచించింది. చివరికి చిన్నాన్నకీ దేవికీ ఒకే మాట చెప్పించింది. వచ్చే సంత దాకా దేవి నడుపుతుంది. సంతనాటికి ఇడ్లీ కుదిరితే హోటలు ఉంటుంది, కుదరకపోతే తాళం చిన్నాన్నకి. ఇడ్లీ బాగా లేకుండా తన పేరు మీద హోటలు నడవడం కన్నా అక్కడ సెల్ ఫోన్లు అమ్ముకోవడమే నయమంది.

ఇక్కడ ఆ తపేలా సంగతి చెప్పాలి. నాన్న కొన్న పెద్ద అల్యూమినియం తపేలా అది. దాని రెండు చెవులనూ మేకులు కొట్టి బిగించారు. ఆ మేకుల తలలు లోపలి వైపు గుండీల్లా కనిపిస్తాయి. అమ్మ కొలతంతా ఆ మేకులే. రాత్రి కలిపినప్పుడు పిండి సగం దాకా ఉండాలి. తెల్లారేసరికి మేకుల్ని ముంచేసి, మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా నిలబడాలి. పైనంతా సన్నటి చిల్లులు పడాలి. గరిటెతో ఓ పక్కకి తీస్తే లోపల కూడా తేనెపట్టులా బుడగలుండాలి. ఉబ్బెత్తు పోయి మధ్యలో గుంట పడితే పొద్దు మించినట్టు. మేకులు ఇంకా పైకి కనబడుతూ, పైన అక్కడక్కడా పెద్ద బుడగలు నాలుగే ఉంటే, అవి రుబ్బినప్పుడు దూరిన గాలి. పులియడం ఇంకా మొదలే కాలేదన్నమాట.

ఇదంతా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. దేవికి ఫోన్లో చెబుతుంటే, ఫోన్ పట్టుకుని నిలబడ్డ నాకు తెలిసింది.

మొదటి సాయంత్రం పిండి కలిపాక దేవి ఒక ఫొటో పంపింది. అమ్మ దాన్ని కళ్ళజోడుతోనూ, కళ్ళజోడు లేకుండానూ చూసి ఫోన్ చేయించింది. "పిండి సరే. ఆ అంచేటి, అలికినట్టున్నాది? గిన్నె అలాగుంటే ఎవులు తింతారు? నా గిన్నె నువ్వు అలాగ ఉంచకు."

"తుడిసెత్తాను అత్తా," అంది దేవి బెదిరిపోయి.

"రాత్రి పిండి సూసుకుంటుండు. సలికాలం, కొండగాలి. తెల్లారి ఫొటో పెట్టు."

"సూసుకుంతాను అత్తా."

మర్నాడు తెల్లారి వచ్చిన ఫొటో నాకిప్పటికీ గుర్తే. గిన్నె తళతళలాడుతోంది, అంచు మీద మరక లేదు. పిండి పైభాగం నున్నగా, దువ్వి జడేసిన తలలా ఉంది. అక్కడక్కడా పెద్ద బుడగలు. మేకుల తలలు నాలుగూ పైకి కనిపిస్తున్నాయి.

"లెగలేదు," అంది అమ్మ. "అవి గ్రైండరు బుడగలే. ఇంకా పచ్చిపిండే. ఆగమను."

నేను ఆగమన్నాను. దేవి సందేహంగా, "అత్తా, పుల్లటి వాసన వస్తన్నాది మరి. ఎయ్యనా?" అంది.

అప్పుడు మా అమ్మ అన్న మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. కానీ రాయకపోతే ఈ కథ లేదు. స్పీకరు ఆన్‌లో ఉందని ఆమెకి తెలుసు. అయినా అంది: "ఎండు సేపల మజ్జిన పెరిగిన ముక్కు. దానికి పిండి వాసన ఏటి తెలుస్తాది. ఫొటోలో నాకు కనబడతన్నాది కదా."

అవతల వెనక ఎక్కడో బస్సు హారన్ వినిపించింది. తర్వాత, "సరే అత్తా" అంది దేవి. నాకు సిగ్గేసింది. అమ్మ మీద అరిచాను. అమ్మ నా మీద అరిచింది. కాఫీ చల్లారిపోయింది.

దేవి ఆగింది. మొదటి బస్సు పోయింది, రెండో బస్సు పోయింది. ఎండ రేకుల మీదికొచ్చాక ఇక లాభం లేదని అమ్మ వెయ్యమంది. ఆ ఇడ్లీలు రేకులోంచి తీస్తే అప్పచ్చుల్లా పల్చగా, గట్టిగా వచ్చాయి. పులుపు సంగతి బస్సు డ్రైవరు నరసింగరావు చెప్పాడు. ఏళ్ళ తరబడి మా బల్ల మీద తిన్న మనిషి. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "పిల్లా, ఇందులో నిమ్మకాయ పిండేవా ఏటి?" అన్నాడు. మిగతావి ప్లేట్లో వదిలేసి ఎదురుగా ఉన్న బండి దగ్గరికి పోయాడు. ఈ మాట దేవి నాకు ఏడవకుండా చెప్పింది. నేనే ఏడ్చాను.

తర్వాత రోజులన్నీ అలాగే. అందరమూ చలినే తిట్టుకున్నాం. అమ్మ గోనెసంచి కప్పమంది. దేవి కప్పింది. పొయ్యి వార పెట్టమంది. పెట్టింది. ఉప్పు కలిపాక పిండిని చేత్తో ఇంకాస్త కలపమంది. కలిపింది. తెల్లారేసరికి ఫొటోలో మళ్ళీ అదే తళతళలాడే గిన్నె, అదే నున్నటి పిండి, ఆ నాలుగు మేకులూ. ఇడ్లీలు మాత్రం రోజురోజుకీ పులిసిపోతున్నాయి. లెగని పిండి ఎలా పులుస్తోందని ఒక్కసారైనా మాకు తోచాలి కదా. తోచలేదు. అమ్మ ఫొటోనే చూసింది, నేను అమ్మని చూశాను.

"రాత్రి పడుకుండిపోతన్నావా ఏటి?" అని ఒకరోజు అమ్మ అడిగింది.

"లేదత్తా. మజ్జిమజ్జిన లెగిసి సూసుకుంతన్నాను. మీ అబ్బాయిని అడుగు."

తమ్ముడు వెనకనుంచి, "నిజవేనే అమ్మా, అది నిద్దరే పోతల్లేదు" అన్నాడు.

ఆ మాటకి అమ్మ మెత్తబడింది. ఫోన్ పెట్టేశాక, "పిల్లకి శ్రద్ధ ఉన్నాది. సెయ్యే లేదు" అంది. నా చూపు తప్పించి దుప్పటి అంచు సర్దుకుంది. ఆమె మనసులో తాళం చిన్నాన్నకి ఇచ్చేసినట్టే నాకు తెలిసిపోయింది.

సంత రోజు వచ్చింది. ఆ రోజు ఎప్పటికన్నా ముందే లేచి ఫోన్ పట్టుకుని అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. ఫొటో ఆలస్యంగా వచ్చింది. దాని వెనకే దేవి గొంతు, పరుగెత్తినట్టు ఆయాసపడుతూ: "అత్తా, చిన్నమావ అప్పుడే వచ్చి కూకున్నాడు. గుడ్డ కనబడలేదు, అంచు తుడవలేదు, కోప్పడకు."

అమ్మ ఫోన్ తీసుకుంది. పిండి నున్నగా ఉంది. మేకులు కనిపిస్తున్నాయి. ఆమె ముఖం వాడిపోయింది. "లెగలేదు," అని ఫోన్ నా చేతికి ఇచ్చేసింది. "జగన్నాధానికి తాళం ఇచ్చీమని సెప్పు."

నాకు చెప్పబుద్ధి కాలేదు. చెప్పకుండా ఉండడానికి ఏదో ఒకటి చెయ్యాలని, రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేశాను. "ఇదిగో ఈ పక్క మేకు సగం మునిగినట్టు లేదూ?" అంటూ అబద్ధమాడి ఫోన్ మళ్ళీ అమ్మ కళ్ళ ముందు పెట్టాను.

అమ్మ మేకుని చూడలేదు. దాని పైన చూసింది.

"అదేటే?"

"ఏది?"

"మేకు పైన. ఆ తెల్ల గీత."

చూశాను. మేకులకు బాగా పైన, అంచుకి కాస్త కింద, గిన్నె చుట్టూ పిండి అంటుకుని ఆరిపోయిన పట్టీ ఉంది. ఇంకా పెద్దది చేశాను. ఆ పట్టీలో సన్నటి చిల్లులు. జల్లెడలో ఉన్నట్టు, పక్కపక్కనే. దాని కింద గిన్నె గోడంతా పిండి జారిన చారలు.

అమ్మ మంచం మీద లేచి కూర్చోబోయింది. నొప్పికి మూలిగింది. "ఫోన్ కలుపు. బేగి కలుపు!"

దేవి ఎత్తింది.

"ఒసే దేవీ, గిన్నె గోడకి అంటుకున్న పిండేటి?"

"ఇప్పుడే తుడిసెత్తానత్తా, గుడ్డ దొరికినాది..."

"తుడవకు! ముట్టుకున్నావంటే సంపేస్తాను! ఆ పిండి అంత పైకి ఎలాగెల్లింది? నువ్వు అంత ఎత్తు పోసేవా రాత్రి?"

"లేదత్తా, సగానికే పోసేను. నువ్వు సెప్పినట్టే."

"మరి?"

"అదే పొంగుతాది కదత్తా. రోజూ పొంగుతాది. నాను లెగిసేసరికి మేకులు మునిగిపోయి పైకొచ్చెత్తాది."

అమ్మ నోరు తెరుచుకుని నా వైపు చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, చిన్నపిల్లని అడిగినట్టు అడిగింది. "మరి కిందకి ఎలాగ దిగిపోతన్నాది తల్లీ?"

"తిరగేత్తాను కదా," అంది దేవి. ఇదేం ప్రశ్న అన్నట్టు. "నువ్వు సూసుకోమన్నావు కదా. రాత్రి లెగిసినప్పుడల్లా గరిటెట్టి అడుగునుంచి పైకి తిరగేత్తన్నాను. తెల్లారి ఇంకోసారి తిరగేసి, పైన సాపు సేసి, అంచు తుడిసి ఫొటో తీత్తాను. తిరగెయ్యకపోతే పాడైపోదా?"

అమ్మ పెదాలు కదిలాయి. తిడుతుందనుకున్నాను. ఆమె నవ్వింది. కాలు అదిరి నొప్పి పుడుతుంటే, "అబ్బా, ఓలమ్మో" అంటూనే నవ్వింది. కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"ఓలమ్మో! అవి నెత్తళ్ళు కావే! పిండి! పిండిని ముట్టుకోకూడదే! లోపల పుట్టిన గాలంతా నువ్వే తీసిపారేసి, దువ్వి, బొట్టెట్టి నాకు ఫొటో పంపుతన్నావు!"

అవతల దేవికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత ఆమె కూడా నవ్వడం వినిపించింది, ఏడుపు కలిసిన నవ్వు. "సూసుకో అంటే సూడ్డవేనా అత్తా?"

"సూడ్డవే! ఒట్టి సూడ్డవే! మా ఇంట్లో అంతే!"

నేను మధ్యలో దూరి, "నవ్వులు తర్వాత, చిన్నాన్న కూర్చున్నాడక్కడ" అన్నాను. ఎవరో ఒకరు గుర్తు చెయ్యాలి కదా.

అమ్మ సర్దుకుంది. గొంతు మారింది. "దేవీ. వాసన ఏటి వస్తన్నాది?"

తన ముక్కుని ఎగతాళి చేసిన మనిషే ఆ ప్రశ్న అడుగుతోందని దేవికి తెలుసు.

"పులిసిపోయినాది అత్తా. మజ్జిగ కన్నా కాస్త ఎక్కువ. కానీ సెడు వాసన లేదు. నిన్నటికన్నా నయమే."

"అయితే నువ్వు మొదటి రోజు సెప్పిందే నిజం. నీ ముక్కు మాట ఇనకుండా నాను ఫొటో మాట ఇన్నాను." అమ్మ అంతకన్నా ఎక్కువ అనలేదు. మా అమ్మ నోట అంత రావడం కూడా నేనెప్పుడూ ఎరగను. "ఇప్పుడు ఇను. గాలి పోయిన పిండి ఇడ్లీకి నిలబడదు. రొట్టికి పనికొస్తాది. మూకుడు పెట్టి నూనె ఎక్కువే పొయ్యి. పిండి మందంగా ఎయ్యి, మూత పెట్టి సన్న సెగ మీద ఉంచు. అంచు ఎర్రబడి మూకుడు వదిలినాక తిరగెయ్యి."

"తిరగెయ్యొచ్చా?" అంది దేవి.

"రొట్టిని తిరగెయ్యొచ్చు! ఒక్కసారే!"

ఆ రోజు కోట సంతకి వచ్చిన జనం మా షెడ్డులో ఇడ్లీ తినలేదు. మినపరొట్టి తిన్నారు. పైన కరకర, లోపల మెత్తన, ఆ పులుపు రొట్టికి అందంగానే కుదిరిందట. మూకుడు ఒక్కటే ఉండడంతో జనం బల్లల దగ్గర నిలబడి కాచుకున్నారు. మొదటి రొట్టి చిన్నాన్న ప్లేట్లో పడింది. ఆయన తిని, రెండోది అడిగి, అది ఆలస్యమవుతుంటే లేచి తనే నీళ్ళ గ్లాసులు అందించడం మొదలుపెట్టాడట. దేవి ఇదంతా మధ్యాహ్నం నాకు చెబుతూ మధ్యమధ్యలో ఎవరికో చట్నీ వడ్డించింది.

కానీ మాట అంటే మాటే. సంతనాటికి ఇడ్లీ కుదరాలన్నది అమ్మ పెట్టిన షరతు. చిన్నాన్న సాయంత్రం ఫోన్ చేసి అదే గుర్తు చేశాడు, కాస్త మొహమాటంగా. అమ్మ, "ఒక్క పొద్దు ఆగు మరిదీ. రేపు నువ్వే ఎల్లి తిను. తిన్నాక నీ నోటితో సెప్పు" అంది. ఆయన సరేనన్నాడు. రొట్టి తిన్న మనిషి కాదనలేకపోయాడని నా అనుమానం.

ఆ రాత్రి దేవి పిండి కలిపి, మూత పెట్టి, గరిటెను తీసి పైన అటక మీద పడేసిందట. నిద్రలో చెయ్యి తిరగకుండా తమ్ముడు పట్టుకున్నాడని చెప్పి నవ్వింది. ఎంతవరకు నిజమో నాకు తెలియదు.

తెల్లారింది. ఫొటో వచ్చింది.

తలుపు ఓరగా తెరిచి, పక్కనుంచి పడుతున్న వెలుతురులో తీసింది. అంచు తుడవలేదు. మేకులు లేవు. ఎక్కడున్నాయో కూడా తెలియకుండా పిండి వాటిని ముంచేసి, మధ్యలో ఉబ్బెత్తుగా నిలబడి ఉంది. పైనంతా సూదులతో పొడిచినట్టు చిల్లులు. ఒక పక్క గరిటెతో కొంచెం తీసి చూపించింది. లోపల పొరలు పొరలుగా బుడగలు. నేను వంటింటి మనిషిని కాదు, హడావిడి మనిషిని. నాకే అది అందంగా కనిపించింది.

అమ్మ చాలాసేపు చూసింది. తనకి తెలుసు. చూడగానే తెలిసింది. అయినా వెంటనే చెప్పలేదు.

"వాసన?" అంది.

"పులుపు ఇప్పుడిప్పుడే ఎక్కుతన్నాది అత్తా. పచ్చి మినప వాసన పోయినాది. ఇంకాసేపు ఉంచితే మించిపోద్ది."

"అయితే ఇంకేటి సూస్తన్నావు? ఎయ్యి."

చిన్నాన్న ఎన్ని తిన్నాడో నేను చెప్పను, ఆయనకి దిష్టి తగులుతుంది. నరసింగరావు బస్సు ఆపి, ఎదుటి బండి వైపు చూడకుండా నేరుగా లోపలికి వచ్చి కూర్చున్నాడట. ఒక ముక్క తుంచి, మెల్లగా నోట్లో పెట్టుకుని, "ముసలమ్మ వచ్చేసిందా ఏటి?" అని వంటింట్లోకి తొంగి చూశాడట. దేవి ఆ మాటని అమ్మకి రెండుసార్లు చెప్పింది. అమ్మ రెండుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నది. చిన్నాన్న సెల్ ఫోన్ల కొట్టు గరివిడిలో తెరిచాడు. మంచి బేరమే నడుస్తోంది.

అమ్మ ఇంకా కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంది. కాలు కింద పెట్టి, వాకరు పట్టుకుని వంటింటి దాకా రాగలిగిన రోజుల్లో, నా చేతి ఉప్మా తినలేక ఇడ్లీ కావాలంది. నేను మిక్సీలో రుబ్బి, రవ్వ కలిపి, స్టీలు గిన్నెలో పెట్టాను. తెల్లారి మూత తీస్తే ఏం చెప్పాలో తెలియలేదు. కాస్త పొంగినట్టుంది, కాస్త లేదు. నా గిన్నెకి మేకులు లేవు.

అమ్మ వాకరు మీద వాలి ఓసారి చూసింది. చెబుతుందనుకున్నాను. "నాకు ఫోన్ ఇయ్యి" అంది. మంచం మీద ఉన్న రోజుల్లోనే ఫొటో తియ్యడం, పంపడం రెండూ తనే నేర్చుకుంది. రెండు చేతులా ఫోన్ పట్టుకుని, గిన్నె మీదికి వంచి తీసింది. దేవికి పంపింది. మైకు గుర్తు నొక్కి, "దేవీ, నీ వదిన పిండి. ఎయ్యొచ్చా, సెప్పు" అంది.

మా అమ్మ. జీవితమంతా ఆ పిండి ముందు ఇంకొకరి మాట విననిది.

జవాబు వెంటనే వచ్చింది. వెనక బస్టాండు గోల, ప్లేట్ల చప్పుడు.

"అత్తా, ఫొటో వద్దు. వంగి వాసన సూసి, ఏ వాసనొస్తన్నాదో నువ్వు సెప్పు. ఎయ్యాలో ఆగాలో నాను సెప్తాను."

అమ్మ వాకరు వదిలి గట్టు పట్టుకుంది. గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని, గట్టిగా వాసన పీల్చింది.